నొప్పి మందు, నిద్ర మాత్ర, రాత్రి ఊపిరి

(గుంటూరు బ్రాడీపేటలో విశ్రాంత ఉద్యోగులు, వాళ్ళ కుటుంబాల కోసం ఏర్పాటైన సాయంత్రం సమావేశంలో ఊపిరితిత్తులు, నిద్ర సమస్యలు చూసే ఒక వైద్యురాలు చేసిన ప్రసంగం ఇది. చివర సభికుల ప్రశ్నల్లో కొన్నింటిని ఉంచాం.)

అందరికీ నమస్కారం. మైకు వెనక వరకు వినపడుతోందా? సరే.

గురక గురించి మాట్లాడతానని అనుకుని వచ్చినవాళ్ళు ఉన్నట్టున్నారు. ఈ రోజు విషయం గురక కాదు. గురక లేకుండానే, ఏ శబ్దమూ లేకుండానే రాత్రి ఊపిరి ఆగిపోయే ఒక జబ్బు ఉంది. దాన్ని సెంట్రల్ స్లీప్ ఆప్నియా అంటాం. అది రావడానికి ఉన్న కారణాల్లో ఒకటి మనం చేతులారా తెచ్చుకునేది. నెలల తరబడి, ఏళ్ళ తరబడి వాడే బలమైన నొప్పి మందులు. ట్రమడాల్, టాపెంటడాల్, మార్ఫిన్, చర్మం మీద అతికించే ఫెంటనిల్ ప్యాచ్, ఇవన్నీ ఒకే కుటుంబం. వీటిని ఓపియాయిడ్లు అంటారు. డైక్లోఫెనాక్, పారాసెటమాల్ ఆ కుటుంబం కాదు, వాటితో ఈ ఇబ్బంది రాదు. ఇంట్లో మాత్రల పట్టీ మీద ఏ పేరుందో ఒకసారి చూసుకోండి. ట్రమడాల్, పారాసెటమాల్ కలిపిన మాత్ర మన దగ్గర చాలామంది వాడుతున్నారు. "ఇది మామూలు నొప్పి మాత్రేనండీ" అంటారు. అందులో ట్రమడాల్ ఉందంటే అది ఈ కుటుంబంలోదే.

ఒక పేషెంటు సంగతి చెబుతాను. ఆయన్ను గుర్తుపట్టకుండా వివరాలు కాస్త మార్చాను. వయసు 61. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. సన్నటి మనిషి, మెడ లావు లేదు, పొట్ట లేదు. నడుముకు రెండు ఆపరేషన్లు అయ్యాయి. అయినా కుడి కాల్లోకి మంటలా దిగే నరాల నొప్పి పోలేదు. నొప్పి డాక్టరు గంటకు 25 మైక్రోగ్రాముల ఫెంటనిల్ ప్యాచ్ రాశారు, మూడు రోజులకొకటి మార్చుకోవాలి. దానితో పాటు ట్రమడాల్ 50 మి.గ్రా. మాత్ర రోజుకు మూడు. ఏడాదిన్నర అలా నడిచింది. నొప్పి సగానికి తగ్గింది, ఆయన మళ్ళీ యార్డుకి వెళ్తున్నారు. అక్కడి వరకు వైద్యం సరిగ్గానే ఉంది, దానికి నేను తప్పు పట్టను.

తర్వాత ఆయనకు నిద్ర చెడింది. రాత్రి పదే పదే మెలకువ. ఎందుకు లేచారో ఆయనకే తెలియదు. పొద్దున్నే తలనొప్పి, స్నానం చేసి టిఫిన్ తినేసరికి అదే తగ్గిపోయేది. మధ్యాహ్నం కొట్లో కూర్చునే కునుకులు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళి "నిద్ర పట్టడం లేదండీ" అన్నారు. ఆ డాక్టరు రాత్రి పూట ఆల్ప్రజోలాం 0.5 మి.గ్రా. రాశారు. ప్యాచ్ సంగతి ఆయన చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. ప్యాచ్ మందు కాదని, పట్టీ అని ఆయన ఉద్దేశం. ఇలా అనుకునేవాళ్ళు ఎంతమందో!

నిద్ర మాత్ర మొదలయ్యాక ఆయన భార్య నాతో అన్న మాట ఇది. "అప్పటిదాకా గురక లేదమ్మా. మాత్ర వేసుకున్నాక గురక పెట్టి హాయిగా పడుకుంటున్నారు." ఆమె సంతోషంగానే చెప్పారు. నాకు మాత్రం భయం వేసింది. ఆ గురక ఎందుకు మొదలైందో చెప్పాలంటే ముందు నిద్రలో ఊపిరి ఎలా నడుస్తుందో చెప్పాలి.

మెదడు కింది భాగంలో, వెన్నుపాము మొదలయ్యే చోటికి కాస్త పైన, ఊపిరికి లయ ఇచ్చే చిన్న నాడీకణాల గుంపు ఉంది. ప్రీబోట్జింగర్ కాంప్లెక్స్ అంటారు. 1991లో ఎలుక పిల్లల మెదడు మీద పని చేసిన శాస్త్రవేత్తలు దీన్ని గుర్తించారు. పీల్చు, పీల్చు అని ఆజ్ఞ వెళ్ళేది ప్రధానంగా అక్కడి నుంచే. ఆ కణాల మీద ఓపియాయిడ్ మందు అతుక్కునే గ్రాహకాలు ఉన్నాయి. మందు నొప్పి దారిలో ఉన్న గ్రాహకాలను మాత్రమే వెతుక్కుంటూ పోదు, ఇక్కడా అతుక్కుంటుంది. దాంతో ఊపిరి నెమ్మదిస్తుంది, లయ తప్పుతుంది.

రెండో సంగతి కార్బన్ డయాక్సైడ్. మెలకువగా ఉన్నంతసేపు మనకు ఊపిరి తీసుకోవడానికి చాలా ప్రేరణలు ఉంటాయి. మాట్లాడతాం, కదులుతాం, అసలు మేలుకుని ఉండటమే ఒక ప్రేరణ. నిద్రపోయాక అవన్నీ పోయి ఊపిరి దాదాపుగా ఒక్క కార్బన్ డయాక్సైడ్ మీదే ఆధారపడుతుంది. రక్తంలో అది పెరిగితే పీల్చమంటుంది, ఒక స్థాయి కంటే కిందికి దిగితే ఊపిరి ఆగుతుంది. ఓపియాయిడ్ ఆ స్పందనను మొద్దుబారుస్తుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు వచ్చే స్పందననూ మొద్దుబారుస్తుంది. అందుకే పగలు ఈ మనిషి మీతో కూర్చుని కాఫీ తాగుతూ కబుర్లు చెబుతాడు, వేలికి ఆక్సీమీటరు పెడితే 98 చూపిస్తుంది. కరోనా తర్వాత అందరిళ్ళలో అదొకటి ఉంది కదా. పగటి 98కి ఈ జబ్బులో విలువ లేదు. జబ్బు ఉండేది రాత్రి రెండింటికి.

"ఏడాదిన్నరగా వాడుతున్నారు, శరీరానికి అలవాటైపోయి ఉంటుంది కదా" అంటారు. మత్తుకు అలవాటు పడతారు, వాంతులకు అలవాటు పడతారు. ఊపిరి మీద ప్రభావానికి మాత్రం అలవాటు పూర్తిగా రాదు. మత్తు తగ్గింది కాబట్టి అంతా బాగుందనుకుంటారు, చిక్కంతా అక్కడే.

ఈ ఊపిరి ఎలా ఉంటుందంటే, నాలుగు శ్వాసలు సరిగ్గా వస్తాయి, ఒకటి చిన్నది, ఇంకోటి పెద్దది, తర్వాత 20 సెకన్లు ఏమీ ఉండదు, మళ్ళీ ఒక్కసారి పెద్దగా పీలుస్తారు. ఒక పద్ధతి అంటూ ఉండదు. 2007లో అమెరికాలో దీర్ఘకాలంగా ఓపియాయిడ్లు వాడుతున్న 60 మందిని, వాడని 60 మందిని రాత్రంతా పరీక్షించారు. ఇలాంటి లయ తప్పిన శ్వాస వాడేవాళ్ళలో 70 శాతానికి కనిపించింది, వాడనివాళ్ళలో 5 శాతానికి. మోతాదు పెరిగే కొద్దీ ఆ శాతం కూడా పెరిగింది.

ఇప్పుడు మన మిర్చి వ్యాపారి దగ్గరికి వద్దాం. ప్యాచ్ మాత్రమే వాడుతున్న రోజుల్లో ఆయన ఊపిరి 20 సెకన్లు, 30 సెకన్లు ఆగేది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేది, ఆక్సిజన్ పడేది. మొద్దుబారినా సరే, చివరికి ఎక్కడో ఒక దగ్గర మెదడు ఉలిక్కిపడి లేచేది. లేవగానే పెద్దగా ఒక ఊపిరి. ఆయన చెప్పిన "నిద్ర పట్టడం లేదు" అదే. అది నిద్రలేమి కాదు. ఊపిరి ఆగినప్పుడల్లా ఆయన్ను బతికించడానికి మెదడు లేపుతోంది. ఆ మెలకువకు మందు వేయడమంటే, దొంగలు పడ్డారని అరుస్తున్న వాచ్‌మన్‌కి మత్తు ఇచ్చి పడుకోబెట్టడం.

ఆల్ప్రజోలాం, క్లోనాజెపాం, డయాజెపాం జాతి మందులు మామూలు మోతాదులో ఒక్కటే వేసుకుంటే ఆరోగ్యవంతుడి ఊపిరిని పెద్దగా తగ్గించవు. అందుకే డాక్టర్లకు కూడా వాటి మీద నమ్మకం. ఓపియాయిడ్‌తో కలిసినప్పుడు అవి చేసేది వేరు. మొదటిది, మెలకువ వచ్చే గడపను ఎత్తు చేస్తాయి. ఇంతకుముందు 30 సెకన్లకు లేచిన మెదడు ఇప్పుడు ఇంకా ఆలస్యంగా లేస్తుంది, ఈలోపు ఆక్సిజన్ ఇంకా పడుతుంది. రెండోది, గొంతు కండరాలను, నాలుకను ముందుకు పట్టి ఉంచే కండరాన్ని సడలిస్తాయి. దాంతో గొంతు సన్నబడుతుంది. ఆయన భార్య విన్న గురక అదే. అంతవరకు ఆజ్ఞ రాక ఆగుతున్న ఊపిరికి, ఇప్పుడు ఆజ్ఞ వచ్చినా దారి మూసుకుపోవడం తోడైంది. ఒక మందు పీల్చాలన్న కోరికను తగ్గిస్తే, రెండోది దారిని, మెలకువను రెండింటినీ తీసేసింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016 ఆగస్టులో ఈ రెండు రకాల మందులనూ కలిపి వాడటం మీద మందు సమాచార పత్రంలో గడి కట్టి ముద్రించే అతి తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది ఇందుకే.

ఇక్కడ చదువుకున్నవాళ్ళు నన్ను పట్టుకోవచ్చు. సెంట్రల్ ఆప్నియాకు నిద్ర మాత్రతో మేలు జరిగిందని కొన్ని చిన్న పరిశోధనలు ఉన్నాయి కదా అని. ఉన్నాయి. అవి వేరే రకం రోగుల మీద చేసినవి. వాళ్ళలో చిన్న కదలికకే మెలకువ వచ్చి, ఎక్కువగా పీల్చి, కార్బన్ డయాక్సైడ్ పడిపోయి ఊపిరి ఆగుతుంది. మెలకువలు తగ్గిస్తే వాళ్ళకు మేలే. ఓపియాయిడ్ రోగికి కార్బన్ డయాక్సైడ్ పడిపోవడం కాదు సమస్య, పెరిగినా మెదడు పట్టించుకోకపోవడం. పేరు ఒకటే, జబ్బు ఒకటి కాదు.

సరే, పరీక్ష. ఆయన్ను రాత్రంతా ల్యాబ్‌లో పడుకోబెట్టి స్లీప్ స్టడీ చేశాం. ముక్కు దగ్గర గాలి ప్రవాహం, ఛాతీకి ఒక బెల్టు, పొట్టకు ఒక బెల్టు, వేలికి ఆక్సిజన్, తలకు వైర్లు. ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగితేనే లెక్క. ఆగినప్పుడు రెండు బెల్టులూ కదలకుండా ఉంటే సెంట్రల్, బెల్టులు కొట్టుకుంటూ గాలి మాత్రం రాకపోతే గొంతు మూసుకుపోయే రకం. ఆయనకు గంటకు 46 సార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో జరిగింది. అందులో 33 సెంట్రల్. ఎక్కువసేపు ఆగినది 48 సెకన్లు. ఆక్సిజన్ 71 దాకా పడింది. ఇంకో గుర్తు కూడా ఉంది. గొంతు మూసుకుపోయే రకం సాధారణంగా కలలొచ్చే నిద్రలో ముదురుతుంది. ఓపియాయిడ్ రకం కలలు లేని నిద్రలో ఎక్కువ. ఆయన రిపోర్టు అలాగే ఉంది. పొద్దున్నే రక్తం తీస్తే కార్బన్ డయాక్సైడ్ 49. మామూలుగా 45 లోపు ఉండాలి. పొద్దుటి తలనొప్పికి కారణం దొరికింది.

మోతాదు లెక్క వేశాం. ఏ ఓపియాయిడ్‌నైనా మార్ఫిన్‌లోకి మార్చి చూస్తాం. గంటకు 25 మైక్రోగ్రాముల ప్యాచ్‌ను 2.4తో గుణిస్తే 60. ట్రమడాల్ రోజుకు 150 మి.గ్రా., దాన్ని 0.2తో గుణిస్తే 30. మొత్తం రోజుకు 90 మి.గ్రా. మార్ఫిన్ వాడుతున్నట్టు. 50 దాటుతుంటేనే ఆగి ఆలోచించమని అమెరికా మార్గదర్శకాలు చెబుతాయి. ఈ లెక్క ప్రమాదం అంచనాకే. దీన్ని పట్టుకుని ఇంట్లో ఒక మందు బదులు ఇంకోటి మార్చుకోకండి.

ఇంకో మాట, ఇది మన ఊరి కోసం. ఆయన నొప్పి ఎక్కువైన రాత్రి వేడినీళ్ళ బ్యాగు నడుము మీద పెట్టుకునేవారు. ప్యాచ్ అతికించింది కూడా నడుము పైనే. వేడి తగిలితే చర్మంలో రక్తప్రసరణ పెరిగి ప్యాచ్ నుంచి మందు వేగంగా లోపలికి పోతుంది. జ్వరం వచ్చినా అంతే. మే నెలలో గుంటూరు ఎండ గురించి నేను మీకు చెప్పాలా? ప్యాచ్ వేసుకుని ఎండలో పని చేయడం, దాని మీద వేడి కాపడం పెట్టడం రెండూ కుదరవు.

వైద్యం. ముందు సీప్యాప్ మెషిన్ పెట్టి చూశాం, ముక్కుకు మాస్కు వేసి గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచేది. గొంతు మూసుకుపోయినవి పోయాయి, గురక పోయింది. సెంట్రల్‌వి గంటకు 30 అలాగే ఉన్నాయి. దారి తెరిచి పెట్టినంత మాత్రాన పీల్చమనే ఆజ్ఞ రాదు కదా. కొందరిలో సీప్యాప్ పెట్టాక సెంట్రల్‌వి పెరుగుతాయి కూడా. కాబట్టి ఇలాంటివాళ్ళకు మెషిన్ కొనేసి ఇంటికి తీసుకెళ్ళడం సరిపోదు, మెషిన్ పెట్టి మళ్ళీ రాత్రి పరీక్ష చేయాలి. రోగి పీల్చకపోతే తనే శ్వాస ఇచ్చే బైప్యాప్ రకాలు, శ్వాసను బట్టి ఒత్తిడిని మార్చుకునే ఏఎస్‌వి మెషిన్లు ఉన్నాయి. గుండె పంపింగ్ 45 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాళ్ళకు ఏఎస్‌వి పెట్టకూడదని 2015లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన తర్వాత తేలింది. అందుకే ముందు ఎకో తీయాలి.

అసలు మందు మాత్రం మందు తగ్గించడమే. ఏది ముందు తగ్గించాలన్న దాని మీద డాక్టర్లలోనే అభిప్రాయ భేదాలు ఉన్నాయి. ఓపియాయిడ్ ముందు తగ్గించాలనేవాళ్ళ వాదన ఏమిటంటే, నిద్ర మాత్రను ఒక్కసారి ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఆయన ఆల్ప్రజోలాం మొదలుపెట్టి రెండు నెలలే, మోతాదూ తక్కువ. అందుకని నేను దాన్నే ముందు తీయించాను. రెండు వారాలకోసారి నాలుగో వంతు చొప్పున తగ్గించాం. ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళకైతే ఇంకా నెమ్మదిగా, నెలల తరబడి. తర్వాత నొప్పి డాక్టరుతో మాట్లాడి ట్రమడాల్ ఒక్కో మాత్రా తీసేశాం. ప్యాచ్ మోతాదు మాత్రం కొన్ని నెలల తర్వాత సగం చేశాం, ఏడాది దాటి వాడినవాళ్ళలో తొందర పనికిరాదు. కాలి నొప్పి కొంత పెరిగింది, అది నిజం. ఫిజియోథెరపీ, నరాలకు ఇచ్చే ఒక ఇంజెక్షన్‌తో సర్దుకున్నారు. ప్యాచ్ మోతాదు సగమయ్యాక మళ్ళీ స్టడీ చేస్తే సెంట్రల్‌వి గంటకు 9. మెలకువలు తగ్గాయి, ఏ నిద్ర మాత్రా లేకుండా.

క్యాన్సర్ నొప్పితో ఆఖరి దశలో ఉన్నవాళ్ళ సంగతి ఇది కాదు. వాళ్ళకు మార్ఫిన్ ఆపమని నేను చెప్పినట్టు ఎవరూ ఇంటికి పోయి చెప్పకండి, దయచేసి.

ఇక మీ ప్రశ్నలు.

సభికులు: డాక్టరమ్మా, మా ఆయన ట్రమడాల్‌తో పాటు ప్రీగాబాలిన్ వాడుతున్నారు. అది నిద్ర మాత్ర కాదు కదా?

కాదమ్మా, నరాల నొప్పి మందు. కానీ అదీ మగతనిస్తుంది. 2019లో దాని మీద కూడా ఊపిరి గురించి హెచ్చరిక వచ్చింది, ముఖ్యంగా ఓపియాయిడ్‌తో కలిపినప్పుడు, పెద్ద వయసు వాళ్ళలో, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళలో. ఆపకండి, డాక్టరుకు రెండూ చూపించండి. జలుబుకి, దురదకి వేసుకునే మగత మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, రాత్రి తాగే పెగ్గు, ఇవీ ఆ లెక్కలోకే వస్తాయి.

సభికులు: స్లీప్ స్టడీ లేకుండా ఇంట్లో ఎలా తెలుసుకోవాలి మేడమ్?

తేల్చుకోలేరు, అనుమానించగలరు మాస్టారూ. నిద్రపోయిన ఒక గంట తర్వాత లైటు చిన్నగా వేసి, ఛాతీ, పొట్ట కనపడేలా ఫోన్లో ఐదు నిమిషాలు వీడియో తీయండి. 10 సెకన్లకు పైగా రెండూ కదలకుండా ఉన్నాయా, శ్వాసల మధ్య వ్యవధి ఎగుడుదిగుడుగా ఉందా చూడండి. నాకు రిపోర్టుల కంటే ముందు ఆ వీడియోనే చూపించండి. ఒక జాగ్రత్త. ఆక్సిజన్ మెషిన్ పెట్టుకుని పడుకునేవాళ్ళలో వేలి మీటరు మోసం చేస్తుంది. ఆక్సిజన్ 96 ఉంటుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ మాత్రం పెరిగిపోతూ ఉంటుంది.

సభికులు: రాత్రి లేపితే లేవకపోతే?

గట్టిగా పిలవండి, భుజం పట్టి కుదపండి. లేవకపోయినా, నిమిషానికి శ్వాసలు ఎనిమిది కంటే తక్కువున్నా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేయండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ప్యాచ్ ఉంటే పీకేయండి, వీపు మీద పాతది మర్చిపోయి ఇంకోటి ఉందేమో కూడా చూడండి. అసలు ఊపిరే లేకపోతే ఫోన్లో వాళ్ళు చెప్పినట్టు కృత్రిమ శ్వాస, ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. వచ్చినవాళ్ళకు నొప్పి మందు పేరు, నిద్ర మాత్ర పేరు రెండూ చెప్పండి, పట్టీలు చేతిలో పెట్టండి. ఎందుకంటే ఆసుపత్రిలో ఇచ్చే నలాక్సోన్ ఇంజెక్షన్ ఓపియాయిడ్‌కి మాత్రమే విరుగుడు, నిద్ర మాత్ర మీద పని చేయదు. పైగా దాని ప్రభావం గంటో గంటన్నరో ఉంటుంది. ప్యాచ్ తీసేశాక కూడా చర్మంలో నిలవున్న మందు రక్తంలోకి వస్తూనే ఉంటుంది, సగానికి తగ్గడానికే దాదాపు ఒక రోజు పట్టవచ్చు. మనిషి లేచి కూర్చుని మాట్లాడుతున్నాడు కదా, ఇంటికి తీసుకెళ్తామని అడగకండి. ఆ రాత్రికి అక్కడే మానిటర్ మీద ఉండాలి.